పిల్లల ప్రశ్నోత్తరి: నోటికి వస్తే చాలదు, నోట్లో నిజం కావాలి



ఈ ఏడు మన సంఘంలో పన్నెండు మొదలు పదిహేనేళ్ల లోపు పిల్లలు కన్ఫర్మేషన్‌కు సిద్ధపడుతున్నారు. బిషప్‌గారు వారి తలలమీద చేతులుంచి ప్రార్థించిన తరువాత వారు ప్రభువు బల్లకు వస్తారు, సంఘంలో పూర్తి సభ్యులవుతారు. వారికోసం ఒక చిన్న ప్రశ్నోత్తరి రాయమని సంఘ పెద్దలు అడిగారు. రాస్తున్నానని తెలిసిన దగ్గరనుండి తలా ఒక సలహా ఇస్తున్నారు. పాత పుస్తకంలో ఉన్నదంతా పెట్టండి అని కొందరు అంటున్నారు. ఈ కాలం పిల్లలు అంత చదవరు, బైబిలు క్విజ్‌లాగా పెట్టండి అని మరికొందరు అంటున్నారు. ఈ రెండింటిలో ఏదీ నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో, నేను ఏ లెక్కన రాస్తున్నానో మీముందు పెడుతున్నాను. మీ పిల్లలు అప్పజెప్పబోయే మాటలు గనుక మీకు తెలియాలి.

నా అభిప్రాయం ఒక్క మాటలో ఇది. ప్రశ్నోత్తరిలోని ప్రతి జవాబు పిల్ల నోట్లో నిజమై ఉండాలి. గుడిలో బిషప్‌గారి ఎదుట చెప్పిన మాటనే ఇంట్లోనూ, బడిలోనూ, చేలోనూ తలవంచుకోకుండా చెప్పగలగాలి. అలా చెప్పలేని జవాబు ఎంత శాస్త్రయుక్తంగా ఉన్నా పిల్లల పుస్తకంలో ఉండకూడదు.

ముందు పొడవు సంగతి చూద్దాం. 1528లో మార్టిన్ లూథరు సాక్సనీ ప్రాంతపు పల్లె సంఘాలను చూడడానికి వెళ్లాడు. అక్కడి జనానికి క్రైస్తవ ఉపదేశం ఏమీ తెలియదు. బోధించవలసిన పాస్టర్లలో కూడా చాలామంది పనికిరాని స్థితిలో ఉన్నారు. ఆ బాధతో ఆయన మరుసటి ఏడు, 1529లో, చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. ఒక ఆజ్ఞ చెప్పి దీనికి అర్థమేమిటని అడుగుతాడు, కొద్ది మాటల్లో జవాబు ఇస్తాడు. ముందుమాటలో పాస్టర్లకు గట్టిగా ఒక సలహా చెప్పాడు. పిల్లలకూ చదువురానివారికీ నేర్పేటప్పుడు ఒకే పాఠాన్ని ఎన్నుకొని ఏళ్ల తరబడి అదే చెప్పండి, ఈ ఏడు ఒకలా పై ఏడు ఒకలా చెబితే వాళ్లు తికమకపడతారు, చేసిన శ్రమంతా పోతుంది అన్నాడు.

ఆ చిన్న పుస్తకానికీ మన తెలుగుకూ పాత చుట్టరికం ఉంది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ దాన్ని తెలుగులోకి మార్చాడు. 1746లో జర్మనీలోని హాల్లే పట్టణంలో అది అచ్చయింది. తెలుగు అక్షరాలతో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో పిల్లల ప్రశ్నోత్తరి ఒకటని మనలో ఎంతమందికి తెలుసు?

లూథరు చెప్పినది మన పల్లెకు అక్షరాలా సరిపోతుంది. మన పిల్లలు జూన్‌లో బడులు తెరిచాక క్లాసుకు వస్తారు. అక్టోబరు వచ్చేసరికి పత్తి తీతలు మొదలవుతాయి. సంక్రాంతి దాటితే మిరపకాయల కోతలు. ఆ రోజుల్లో అమ్మానాన్నలతోపాటు చేనికి వెళ్లే పిల్లలు ఉన్నారు, ఇంట్లో చంటిపిల్లల దగ్గర ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. గట్టిగా లెక్కేస్తే మనకు దొరికేది పదిహేను ఆదివారాలు. వారానికి రెండు ప్రశ్నలు బాగా నేర్పవచ్చు. అందుకే ముప్పై ప్రశ్నలే అనుకున్నాను. పేరు, బాప్తిస్మం గురించి ఐదు. విశ్వాస ప్రమాణం గురించి ఏడు. పది ఆజ్ఞల గురించి ఏడు. ప్రభువు నేర్పిన ప్రార్థన గురించి ఆరు. ప్రభువు బల్ల గురించి ఐదు. వెస్ట్‌మిన్‌స్టర్ చిన్న ప్రశ్నోత్తరిలో 107 ప్రశ్నలున్నాయి, అది గొప్ప గ్రంథమే. కానీ నూటేడు అప్పజెప్పి మూడు నెలలకే మరిచిపోవడం కంటే, ముప్పై ముసలితనం వరకు గుర్తుండడం మేలు.

క్విజ్ ఎందుకు వద్దంటున్నానంటే, క్విజ్ సమాచారాన్ని అడుగుతుంది. యెహోషువ తండ్రి ఎవరు, పౌలు ఎన్ని పత్రికలు రాశాడు అని అడుగుతుంది. అవి తెలిస్తే మంచిదే. కానీ ప్రశ్నోత్తరి అడిగేది వేరు. నువ్వు ఎవరివాడివి, ఎవరిని నమ్ముతున్నావు, ఎలా బ్రతుకుతావు అని అడుగుతుంది. క్విజ్‌లో గెలిచిన పిల్లకు బహుమతి వస్తుంది. ప్రశ్నోత్తరి జవాబు చెప్పిన పిల్ల ఒక మాటకు కట్టుబడుతుంది.

ఇప్పుడు ఒక జవాబు ఎలా తయారవుతుందో చూడండి. ప్రభువు బల్ల గురించి మొదట పాత పద్ధతిలోనే రాసి చూశాను.

ప్రశ్న: ప్రభురాత్రి భోజనము అనగానేమి?
జవాబు: రొట్టె ద్రాక్షారసముల మూలముగా క్రీస్తు యొక్క శరీర రక్తములను విశ్వాసులు ఆత్మీయముగా పుచ్చుకొనునట్టి పరిశుద్ధ సంస్కారము.

ఇందులో తప్పు లేదు. కానీ ఇలాంటి జవాబును పిల్లలు ఎలా చెబుతారో సండే స్కూలు టీచర్లందరికీ తెలుసు. ఒక్క ఊపిరిలో మొదలుపెడతారు, మధ్యలో ఊపిరి అందక ఆగుతారు, ఆగిన చోట మాట మరిచిపోతారు. మళ్లీ మొదటినుండి ఎత్తుకుంటారు. "ఆత్మీయముగా అంటే ఏమిటమ్మా?" అని అడిగితే "భక్తిగా అయ్యగారూ" అంటారు. సంస్కారం అంటే ఏమిటని అడిగితే, మంచి నడవడి అంటారు, బడిలో ఆ మాటకు అర్థం అదే గనుక. జవాబు నోటికి వచ్చింది, అర్థం మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

దాన్ని చిన్నది చేయాలనుకుంటే వెంటనే తోచేది ఒకటుంది: "రొట్టె యేసు శరీరానికి గుర్తు, ద్రాక్షారసం ఆయన రక్తానికి గుర్తు." ఇది సులువు. కానీ ఇక్కడ జాగ్రత్తపడాలి. గుర్తు అని మాత్రమే చెప్పి ఆపితే, బల్ల దగ్గర ప్రభువు మనకు ఏమీ ఇవ్వడు, మనమే ఆయనను జ్ఞాపకం చేసుకొని వస్తాం అని పిల్ల అనుకుంటుంది. మన సంఘం నమ్మేది అంతకంటే ఎక్కువ. కంటికి కనబడే గుర్తుతోపాటు కంటికి కనబడని కృపను దేవుడు నిజంగా ఇస్తాడని మన పితరులు నేర్పారు. జవాబు పొట్టిదైనా, సత్యాన్ని సగానికి తెగ్గొట్టకూడదు. పెద్ద జవాబు ఒకటి పొట్టిది కానప్పుడు ప్రశ్నను విడగొట్టాలి. అందుకని ఆ ఒక్క ప్రశ్నను ఐదు చేశాను.

ప్రశ్న: ప్రభువు బల్ల దగ్గర మనకు భోజనం పెట్టేది ఎవరు?
జవాబు: యేసు ప్రభువే. పాస్టరు ఆయన పనివాడు.

ప్రశ్న: మన చేతికి వచ్చేవి ఏమిటి?
జవాబు: రొట్టె, ద్రాక్షారసం.

ప్రశ్న: వాటితో ప్రభువు మనకు ఏమి ఇస్తాడు?
జవాబు: మన కోసం సిలువమీద అప్పగించిన తన్నుతానే ఇస్తాడు.

ప్రశ్న: ఆ బల్లకు ఎలా రావాలి?
జవాబు: తప్పు ఒప్పుకొని, అందరితో సమాధానపడి, ఖాళీ చేతులతో రావాలి.

ప్రశ్న: బల్ల దగ్గరనుండి ఎలా వెళ్లాలి?
జవాబు: ప్రభువు నాకు పెట్టినట్టే నేనూ ఇతరులకు పెట్టడానికి వెళ్లాలి.

ఇందులో ఏ జవాబూ పది మాటలు దాటలేదు. ఒక్కొక్కటి ఒక ఊపిరిలో అయిపోతుంది. ఒక జవాబు పక్క ప్రశ్నకు దారి చూపుతుంది గనుక వరుస తప్పదు. అవును, కాదు అని చెప్పే ప్రశ్న ఒక్కటి కూడా లేదని గమనించండి. "యేసు నిన్ను ప్రేమిస్తున్నాడా?" అని అడిగితే పిల్ల తన మనసులోకి చూసుకోదు, అయ్యగారి ముఖం చూసి అవునంటుంది. అలాంటి ప్రశ్నవల్ల ఆ పిల్లకు ఏమి తెలుసో మనకు ఎన్నటికీ తెలియదు.

ఇక అసలు కష్టమైన చోటికి వస్తాను. పాతదంతా ఉన్నదున్నట్టు పెట్టమనేవారికి ఇదే నా జవాబు.

మన ప్రాంతానికి సువార్త తెచ్చిన చర్చి మిషనరీ సొసైటీవారు ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకాన్ని వెంట తెచ్చారు. అందులో కన్ఫర్మేషన్‌కు వచ్చే పిల్లల ప్రశ్నోత్తరి ఉంది. దానిలో పొరుగువాని పట్ల నీ విధి ఏమిటి అనే ప్రశ్నకు మంచి జవాబు ఉంది. మాటచేతగాని క్రియచేతగాని ఎవరికీ హాని చేయకూడదు, ఇచ్చిపుచ్చుకోవడాల్లో నిజాయితీగా ఉండాలి, దొంగతనం నుండి చేతులను, చాడీలనుండి నాలుకను కాపాడుకోవాలి అని నేర్పుతుంది. ఇవన్నీ మన పిల్లలకు కావాలి. కానీ అదే జవాబులో, నాకంటే పైవారందరి ఎదుట తగ్గి వినయంగా నడుచుకోవాలి అనే మాట కూడా ఉంది. చివర, దేవుడు నన్ను ఏ స్థితికి పిలిస్తే ఆ స్థితిలో నా విధి చేయాలి అని ఉంది.

ఆ చివరి మాటను జాగ్రత్తగా చదివితే అది ఇకముందు దేవుడు పిలవబోయే స్థితి గురించి చెబుతుంది, పుట్టిన స్థితి గురించి కాదు. అందులో ఒక తలుపు తెరిచే ఉంది. కానీ పల్లెలో ఆ మాట ఎలా వినబడుతుంది? మన సంఘాల్లో ఎక్కువమంది తాత ముత్తాతలు మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పుట్టినవారు. చెప్పులు చేత పట్టుకొని పెద్ద వీధి దాటిన తరాలవారు. అలాంటి ఇంటి పిల్ల చేత, నాకంటే పైవారి ఎదుట తగ్గి ఉంటాను అని సంఘం ఎదుట పలికిస్తే, పైవారు ఎవరు అని ఆ పిల్ల దేవుణ్ణి అడగదు. ఊరే చెబుతుంది. ఊరు శతాబ్దాలుగా చెబుతున్నదాన్ని గుడి కూడా చెప్పినట్టు అవుతుంది. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు నరుని తన స్వరూపంలో చేశాడని విన్న పిల్లకు, పది నిమిషాల తరువాత ఈ జవాబు నేర్పడం న్యాయమేనా?

పెద్దల్లో ఒకరు నాతో అన్నారు: "అయ్యగారూ, ఆ మాట తీసేస్తే పిల్లలకు భయభక్తులు ఉండవు, ఇప్పటికే మాట వినడంలేదు." ఆ చింత నాకు అర్థమవుతుంది. అందుకే తల్లిదండ్రులను సన్మానించే ఆజ్ఞ కింద టీచర్లను, పెద్దలను గౌరవించాలని విడిగా రాశాను. గౌరవం వేరు, తగ్గిపోవడం వేరు. గౌరవం ఇచ్చేవాడు నిలబడి ఇస్తాడు. పొరుగువాని గురించిన జవాబును ఇలా మార్చాను:

జవాబు: నన్ను నేను ప్రేమించుకున్నట్టే నా పొరుగువాణ్ణి ప్రేమిస్తాను. ఎవరినీ తక్కువగా చూడను. నేనూ ఎవరికంటే తక్కువవాణ్ణి కాను.

మధ్యలో ఉన్న మాటను మనం తేలికగా దాటిపోకూడదు. మనకంటే కింద ఉన్నారనుకొనే పేటవారి ఇంట్లో మంచినీళ్లు తాగడానికి మనలోనే ఇంకా వెనకాడేవారు ఉంటే, పిల్ల ఈ జవాబు ఇంట్లో అప్పజెప్పేటప్పుడు వారి చెవిన కూడా పడాలి. ప్రార్థన పుస్తకం ఈ ప్రశ్నలను ఆదివారం సాయంకాలపు ఆరాధనలో, సంఘమంతా వినేటట్టు అడగమన్నది. అది మంచి ఏర్పాటు. చదువురాని ముసలమ్మకు అదే ఉపదేశం, మరిచిపోయిన తండ్రికి అదే జ్ఞాపకం.

మొదటి ప్రశ్న దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. ఆ పాత ప్రశ్నోత్తరి దేవుని గురించి మొదలు కాదు. ముందు పిల్ల పేరు అడుగుతుంది, తరువాత ఆ పేరు ఎవరు పెట్టారని అడుగుతుంది. బాప్తిస్మంలో తల్లిదండ్రుల స్థానంలో నిలిచినవారు పెట్టారు అని జవాబు. ఎంత చక్కని ఆరంభం! దేవుడు మనిషిని పేరుపెట్టి పిలుస్తాడు గదా. అయితే మన పిల్లల్లో కొందరికి రెండు పేర్లు. గుడిలో ఒకటి, బడి రికార్డులో మరొకటి. దానికి కారణం మీకందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హక్కు హిందువులకు, ఆ తరువాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బి.సి. సి కిందికి వస్తాడు. స్కాలర్‌షిప్, సీటు, ఉద్యోగం అన్నీ ఒక కాగితంమీద ఆధారపడి ఉన్నాయి.

ఆ చట్టం న్యాయమా కాదా అన్నది పెద్దలు, కోర్టులు, పార్లమెంటు తేల్చవలసిన సంగతి. ఇంట్లో ఏ కాగితం ఉండాలో పదమూడేళ్ల పిల్ల నిర్ణయించలేదు. ఆ బరువును పిల్ల భుజంమీద పెట్టే ప్రశ్న రాయకూడదని నా అభిప్రాయం. నీ అసలు పేరు ఏది అని సంఘం ఎదుట అడిగితే, ఆ పిల్ల అబద్ధమైనా చెప్పాలి, ఇంటి గుట్టైనా బయటపెట్టాలి. అలాగని పేరు ప్రశ్నను తీసివేయలేను. కనుక ఇలా రాశాను:

ప్రశ్న: నీ పేరేమిటి?
జవాబు: పిల్ల తాను కోరిన పేరు చెప్పాలి.

ప్రశ్న: నువ్వు ఎవరి బిడ్డవు?
జవాబు: మా అమ్మానాన్నల బిడ్డను. బాప్తిస్మంలో దేవుని బిడ్డనని ముద్ర పొందాను.

ఏ పేరుతో పిలిచినా రెండో జవాబు నిజమే. అది బడిలోనూ నిజమే, ఆఫీసులోనూ నిజమే. ఇది సమస్యను తీర్చదని నాకు తెలుసు. కనీసం పిల్ల నోట అబద్ధం పలికించదు.

ఇలా రాసిన జవాబు పిల్ల లోపలికి వెళ్లిందో లేదో ఎలా తెలుస్తుంది? వరుసగా అప్పజెప్పించుకుంటే తెలియదు. వరుస ఉంటే నాలుకే నడిపిస్తుంది. టీచర్లకు రెండు పనులు చెప్పాను. ఒకటి, జవాబు మీరు చెప్పి ప్రశ్న ఏమిటో పిల్లలను అడగండి. అర్థమైన పిల్ల తన సొంత మాటల్లో ప్రశ్న వేస్తుంది, అర్థంకాని పిల్ల పుస్తకం వరుసలో వెతుక్కుంటుంది. రెండు, ఒక సందర్భం ఇవ్వండి. "నువ్వు పక్కింటివాళ్లతో మాట్లాడడం మానేసి ఆరు నెలలైంది. రేపు బల్ల ఆదివారం. ఏంచేస్తావు?" అని అడగండి. సమాధానపడి రావాలి అనే మాట ఆ పిల్లకు ఆ క్షణంలో తట్టితే ఆ జవాబు దానిదే అయింది. తట్టకపోతే జవాబును తిట్టకండి, పిల్లనూ తిట్టకండి. నాకు చెప్పండి, మాట మారుస్తాను. ఈ మొదటి ఏడంతా మార్చవచ్చు. ఆ తరువాత లూథరు సలహా ప్రకారం మాట మార్చకూడదు.

ఇంకొకటి. మాట సరిగా రాని పిల్లలు, జ్ఞాపకశక్తి తక్కువ ఉన్న పిల్లలు మనలో ఉన్నారు. ముప్పైలో మూడే చెప్పగలిగినా ఆ పిల్లను వెనక్కి పంపను. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు పల్లె సంఘాలకు వెళ్లినప్పుడు బాప్తిస్మం పొందినవారిని తలమీద చెయ్యి పెట్టుకోమని, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పలికించేవారు. ఒకే వాక్యం, ఒక చెయ్యి. అక్షరం రానివారికి కూడా జీవితమంతా మిగిలేది. ప్రశ్నోత్తరి విశ్వాసాన్ని కొలిచే తక్కెడ కాదు. విశ్వాసానికి మాటలు అందించే పనే దానిది.

చివరగా, బైబిలులో చూస్తే ప్రశ్న వేసేది ఎక్కువగా పిల్లలే. నిర్గమకాండము పన్నెండులో పస్కా ఆచారం ఏమిటని కుమారులే అడుగుతారు. ద్వితీయోపదేశకాండము ఆరులో ఆజ్ఞలు ఎందుకని కుమారుడే అడుగుతాడు. దేవాలయంలో పన్నెండేళ్ల యేసు బోధకుల మధ్య కూర్చొని వింటున్నాడు, ప్రశ్నలు వేస్తున్నాడు. మన మెట్ట ప్రాంతపు సంఘ చరిత్ర కూడా అలాగే మొదలైంది. రాఘవాపురం పగోలు వెంకయ్యగారు మిషనరీని చూడకముందే, నువ్వు ఎవరు, ఎక్కడున్నావు, నాకు కనబడు అని తెలియని దేవుణ్ణి ప్రార్థనలో అడిగారు. 1859లో డార్లింగ్ దొరగారి దగ్గర ఆయనకు జవాబు దొరికింది. మన మొదటి విశ్వాసి ప్రశ్నతో వచ్చాడు.

అందుకే ముప్పై ప్రశ్నల తరువాత ఒక పేజీ ఖాళీగా వదిలాను. ప్రతి పిల్లా తన సొంత ప్రశ్న ఒకటి అక్కడ రాయాలి. రాయలేని పిల్ల టీచరుతో చెప్పి రాయించుకోవచ్చు. వర్షం పడక చేను ఎండితే దేవుడు ఎక్కడున్నాడని రాసినా సరే, తాత తాగుడు ఎందుకు మానడంలేదని రాసినా సరే. జవాబు వెంటనే రాకపోవచ్చు. తల్లిదండ్రులారా, ఆదివారం సాయంత్రం అన్నం తిన్నాక ఆ వారపు రెండు ప్రశ్నలూ మీరు అడగండి. తరువాత వారి ప్రశ్న ఏమిటో మీరు వినండి.

ప్రభువు మన పిల్లలను తన చేతిలో భద్రపరచును గాక. ఆమేన్.